యాన్యువల్ రిపోర్టులోని రేషియోలు మన లెక్కతో ఎందుకు కలవవు?

ప్రశ్న: రిపోర్టులో కరెంట్ రేషియో 1.62, డెట్-ఈక్విటీ 0.60, నెట్ ప్రాఫిట్ రేషియో 8% అని ఉంది. బ్యాలెన్స్ షీట్ ముందేసుకుని నేను లెక్కేస్తే 1.40, 0.40, 7.8% వస్తున్నాయి. తప్పు నాదా, వాళ్లదా?

జవాబు: ముందు రేషియోల నోట్ తీయండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన కంపెనీల చట్టం షెడ్యూల్ 3 సవరణ ప్రకారం ప్రతి రేషియోకీ లవంలో ఏం తీసుకున్నారో, హారంలో ఏం తీసుకున్నారో అక్కడ రాయాలి. అయితే ఆ వివరణ చాలాసార్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అప్పుడు వెనక నుంచి లెక్క కట్టడమే దారి.

మీరు అసలు అంకెలు ఇవ్వలేదు కాబట్టి మీ రేషియోలకు సరిపోయేవి నేనే అనుకుంటున్నా, అన్నీ కోట్లలో. కరెంట్ అసెట్స్ 420, కరెంట్ లయబిలిటీస్ 300. 420ని 1.62తో భాగిస్తే దాదాపు 259. అంటే వాళ్ల హారంలో 41 దాకా తగ్గింది. 1.62 అనేది రౌండ్ చేసిన అంకె. అసలు విలువ 1.615 నుంచి 1.625 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి తేడా 40కీ 41.5కీ మధ్య ఉంటుంది. ఇప్పుడు నోట్స్‌లో ఆ సైజు అంకె కోసం వెతకండి. షార్ట్ టర్మ్ బారోయింగ్స్ నోట్‌లో ‘దీర్ఘకాలిక అప్పులో ఏడాదిలోపు కట్టాల్సిన వాయిదాలు 40’ అని కనిపిస్తే దొరికినట్టే: 420/260 = 1.62. నోట్‌లో చెప్పి తీసేసినా సరే, నేనైతే 1.40నే వాడతాను. ఏడాదిలోపు కట్టాల్సిన డబ్బు కరెంట్ లయబిలిటీ కాకపోతే ఇంకేమిటి?

డెట్-ఈక్విటీలో మాత్రం పొరపాటు మీదే కావచ్చు. ఈక్విటీ 500 అనుకుంటే 0.60 రావాలంటే అప్పు 300 ఉండాలి. మీరు నాన్ కరెంట్ బారోయింగ్స్ 200 ఒక్కటే తీసుకున్నట్టున్నారు. కరెంట్ బారోయింగ్స్ 100 కూడా కలపాలి, పై 40 అందులోదే. (అదే 40ని అప్పులో కలిపి, కరెంట్ లయబిలిటీస్‌లోంచి తీసేశారన్నమాట!) లీజ్ లయబిలిటీస్ బ్యాలెన్స్ షీట్‌లో విడి లైన్‌లో ఉంటాయి. అవి మరో 40 ఉంటే, వాటినీ అప్పుగా లెక్కించే కంపెనీలో ఇదే రేషియో 0.68 అవుతుంది. అందుకే రెండు కంపెనీలను పోల్చేటప్పుడు ఆ లైన్ ఇద్దరికీ కలపండి, లేదా ఇద్దరికీ వదిలేయండి.

నెట్ ప్రాఫిట్ రేషియోలో తేడా చిన్నదే. పన్ను తర్వాతి లాభం 80ని మీరు అదర్ ఇన్‌కమ్ 25తో కలిపిన మొత్తం ఆదాయం 1,025తో భాగించినట్టున్నారు. వాళ్లు రెవెన్యూ ఫ్రమ్ ఆపరేషన్స్ 1,000తో భాగించారు. ఈ రేషియోకి వాళ్ల హారమే సరైంది.

ఇవేవీ కాకపోతే మీరు కన్సాలిడేటెడ్ షీట్ తీసుకుని స్టాండలోన్ రేషియోతో పోలుస్తున్నారేమో చూడండి. పేజీ పైన రాసి ఉంటుంది.