నోటీసులో 'రద్దు' అని రాయకండి, 'విరమణ' అని రాయండి

ప్రశ్న: విజయవాడలో ముగ్గురం కలిసి జీఎస్టీ, అకౌంట్స్ కన్సల్టెన్సీ నడుపుతున్నాం. మా పెదనాన్నగారి అబ్బాయికి 40 శాతం, నాకూ నా స్నేహితుడికీ చెరి 30 శాతం వాటా. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో చేరాలి. ఇప్పుడు జనవరి. వాళ్లకి ఎలా చెప్పాలి? నాకు రావాల్సిన డబ్బు, నేను చూసే క్లయింట్ల సంగతేమిటి? డీడ్‌లో తప్పుకోవడం గురించి ఏమీ రాసుకోలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు డీడ్ తీసి ఒక్క విషయం చూడండి. సంస్థ ఎన్నేళ్లు నడవాలి, ఎలా ముగియాలి అని అందులో ఎక్కడైనా ఉందా? లేకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం మీది ఇష్టానుసార భాగస్వామ్యం. అలాంటి సంస్థలోంచి ఎవరైనా మిగతా భాగస్వాములందరికీ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి విరమించుకోవచ్చు. అందుకు వాళ్ల అంగీకారం కూడా అక్కర్లేదు.

అయితే అదే చట్టంలో ఇంకో దారి ఉంది. సంస్థనే రద్దు చేస్తున్నానని నోటీసు ఇస్తే, అందులో రాసిన తేదీకి సంస్థ మొత్తం ముగుస్తుంది. చాలామంది తొందరలో 'భాగస్వామ్యాన్ని రద్దు చేసుకుంటున్నాను' అని రాసేస్తారు. తను తప్పుకుంటున్నానని చెప్పడమే వాళ్ల ఉద్దేశం, కానీ ఆ ఒక్క మాటతో అన్నదమ్ముల మధ్య వివాదం మొదలవుతుంది. మీరు వెళ్లాక ఇద్దరు మిగులుతారు కాబట్టి సంస్థ నిలబడుతుంది. (ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు తప్పుకుంటే భాగస్వామ్యం ఉండదు, అది వేరే లెక్క.) అందుకే కాగితం మీద 'విరమణ' అనే రాయండి.

కాగితానికి ముందు నోటితో చెప్పండి. వాట్సాప్‌లో వద్దు. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే చోట చెప్పాలి. అన్నయ్యకి ముందు చెప్పి, స్నేహితుడికి వారం తర్వాత చెబితే ఆ వారం గురించే ఏళ్ల తరబడి మాట వస్తుంది. "అన్నయ్యా, నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఒప్పుకున్నాను. మార్చి 31 దాకా ఇక్కడే ఉంటాను. నా క్లయింట్లను ఎలా అప్పజెప్పాలో ఒక కాగితం రాసి తెచ్చాను" అంటే చాలు. ఒప్పుకున్నానని మొదటే చెప్పండి. 'ఆలోచిస్తున్నాను' అంటే ఆపడానికి ప్రయత్నిస్తారు, మీరు మెత్తబడతారు, ఫిబ్రవరి గడిచిపోతుంది.

ఆ మర్నాడే ఇలా రాసి ఇద్దరి చేతా 'అందింది' అని సంతకం, తేదీ తీసుకోండి:

"మన సంస్థ భాగస్వామ్యం నుంచి ఈ మార్చి 31 పని ముగిసే సమయానికి నేను విరమించుకుంటున్నాను. సంస్థను మీరిద్దరూ కొనసాగించడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ తేదీ వరకు లెక్కలు తేల్చి నా వాటా చెల్లించడం, నేను చూసే క్లయింట్లను అప్పగించడం గురించి జతచేసిన కాగితం చూడగలరు."

మార్చి 31 అనడానికి కారణం ఉంది. ఆ రోజుకి ఎలాగూ ఏడాది లెక్కలు మూస్తారు. మధ్యలో తప్పుకుంటే లాభం విడదీయడానికి వేరే బ్యాలెన్స్ షీటు వేయాలి, వాదనలన్నీ అక్కడే పుడతాయి.

ఇక డబ్బు. ఉదాహరణకి మీ మూలధనం ఖాతాలో 6,20,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. ఈ ఏడాది సంస్థ లాభం 10,00,000 అయితే మీ 30 శాతం 3,00,000. మీరు ఇప్పటికే వాడుకున్నది 1,80,000. అంటే రావాల్సింది 7,40,000. కానీ ఆ లాభంలో మార్చి 31 నాటికి ఇంకా వసూలు కాని బిల్లులు 3,00,000 ఉంటే, వాటిలో మీ భాగం 90,000. అది ఇంకా చేతికి రాని డబ్బు. దాన్ని పక్కన పెట్టి, వసూలైనప్పుడు 30 శాతం చొప్పున ఇచ్చేలా రాసుకోండి. మిగతా 6,50,000లో 2,00,000 మార్చి 31న, 4,50,000 నెలకి 75,000 చొప్పున ఆరు నెలల్లో ఇవ్వమని అడగండి. చిన్న సంస్థ ఒకేసారి అంత ఇవ్వలేదు, పట్టుబడితే జీతాలు ఆగుతాయి. మీ లెక్కలు డబ్బు చేతికొచ్చాకే ఆదాయంగా రాసే పద్ధతిలో ఉంటే మాత్రం వసూలు కావాల్సిన బిల్లులు ఖాతాలో కనిపించవు. వాటిని విడిగా జాబితా వేయించండి, లేకపోతే మీ వాటా పోతుంది.

లెక్క తేల్చకుండా మీ డబ్బుతోనే వాళ్లు వ్యాపారం నడిపితే, వేరే ఒప్పందం లేనంత వరకు ఆ డబ్బుతో వచ్చిన లాభంలో వాటా గానీ ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ కోరే హక్కు చట్టం మీకు ఇచ్చింది. బెదిరించడానికి కాదు, వాయిదాల మీద వడ్డీ ఎంత అన్న మాట వచ్చినప్పుడు ఇది ఆధారం. గుడ్‌విల్ పేరుతో మూలధనం కంటే ఎక్కువ తీసుకుంటే ఆ అదనం మీద సంస్థకి పన్ను పడొచ్చు. అంకె ఒప్పుకునే ముందు ఆడిటర్‌ని అడగండి.

క్లయింట్ల దగ్గర నాకు ఎక్కువ భయం. మీలాంటి ఆఫీసుల్లో సగం క్లయింట్ల జీఎస్టీ లాగిన్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు కన్సల్టెంట్‌దే ఉంటుంది. మీరు హైదరాబాద్‌లో మీటింగ్‌లో కూర్చుంటే, విజయవాడలో ఓటీపీ కోసం ఎవరో మీకు ఫోన్ చేస్తూనే ఉంటారు. కాబట్టి ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి క్లయింట్ పేరు పక్కన నాలుగు విషయాలు రాయండి: ఓటీపీ ఎవరి నంబరుకి వస్తోంది, డిజిటల్ సంతకం డాంగిల్ ఎవరి సొరుగులో ఉంది, ఏ నోటీసుకి జవాబు ఇవ్వాలి, ఫీజు బాకీ ఎంత. నంబర్లన్నీ క్లయింట్ల సొంత నంబర్లకి మార్పించండి. డాంగిళ్లు తిరిగి ఇచ్చి రశీదు తీసుకోండి. ఇది ఫిబ్రవరిలోనే పూర్తి కావాలి.

మార్చిలో ఫిబ్రవరి రిటర్నులు, అంటే నెలవారీ క్లయింట్లకి 11లోగా జీఎస్టీఆర్-1, 20లోగా 3బి, అప్పజెప్పిన వ్యక్తి చేతే వేయించండి, మీరు పక్కన కూర్చోండి. ఎక్కడ తడబడుతున్నాడో అప్పుడే తెలుస్తుంది. పెద్ద క్లయింట్ల దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి, "ఇక నుంచి మీ పని ఈయన చూస్తారు" అని మీ నోటితో చెప్పండి. భాగస్వాములకి చెప్పకముందు మాత్రం ఒక్క క్లయింట్‌కీ చెప్పకండి.

"మేం మీతోనే వస్తాం" అనేవాళ్లు ఉంటారు. విరమించిన భాగస్వామి పోటీ వ్యాపారం పెట్టుకోవచ్చు, కానీ వేరే ఒప్పందం లేకపోతే సంస్థ పేరు వాడుకోకూడదు, పాత ఖాతాదారులను తన వైపు రమ్మని అడగకూడదు. పైగా మీరు చేరబోయే కంపెనీ బయటి పని ఒప్పుకుంటుందో లేదో ఆఫర్ లెటర్‌లో చూసుకోండి.

చివరగా బ్యాంకు. సంస్థకి ఓవర్‌డ్రాఫ్ట్ ఉండి, దానికి మీరు పూచీ సంతకం పెట్టి ఉంటే, విరమణ పత్రం రాసుకున్నంత మాత్రాన ఆ పూచీ పోదు. బ్యాంకు రాతపూర్వకంగా మిమ్మల్ని విడుదల చేసినట్టు లేఖ తీసుకోవాలి. అలాగే బహిరంగ ప్రకటన వెలువడే దాకా బయటివాళ్లకి మీరు ఇంకా భాగస్వామి కిందే లెక్క. ఈ ప్రకటన రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి ఇవ్వాలి, గెజిట్‌లో, జిల్లాలో చదివే ఒక తెలుగు పత్రికలో వేయించాలి. సంస్థ జీఎస్టీ నమోదులో భాగస్వాముల మార్పు 15 రోజుల్లోగా తెలపాలి. ఇది మిగిలిన ఇద్దరి పని అనుకుని వదిలేయకండి. దరఖాస్తు రసీదు కాపీ మీ దగ్గరికి వచ్చాకే ఏప్రిల్‌లో హైదరాబాద్ రైలెక్కండి.