ఒక తీగ తీస్తే రెండు దీపాలు ఆరాయి

ప్రశ్న: విజయవాడ గవర్నరుపేటలో మాది చిన్న ఆఫీసు, 20 కంప్యూటర్లు, వాటన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఒకటే. నిన్నటి నుంచి నెట్‌వర్క్ పూర్తిగా స్తంభించింది. స్విచ్ ఆపి వేస్తే కొద్ది క్షణాలు పనిచేసి మళ్లీ ఆగిపోతుంది. స్విచ్ దీపాలన్నీ పిచ్చిగా మెరుస్తున్నాయి. వైరస్ అంటున్నారు, స్విచ్ మార్చమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు:

స్విచ్ కొనకండి. ముందుగా గోడలవైపు చూడండి. ఒకే కేబుల్ రెండు కొసలూ రెండు గోడ సాకెట్లలో దూరి ఉన్నాయేమో వెతకండి. ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో అచ్చం ఇదే తంతు చూశాను.

సంక్రాంతి ముందు వెల్లవేయించి, బల్లలన్నీ మళ్లీ సర్దుకున్న మర్నాడు నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చి, చూసి, తమ లైను బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. అతను చెప్పింది నిజమే. మోడెమ్ నుంచి నేరుగా నా ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెడితే నెట్ చక్కగా వచ్చింది. అదే ల్యాప్‌టాప్ స్విచ్‌కు తగిలిస్తే పక్క గదిలోని ప్రింటర్ కూడా పలకలేదు. కొన్ని పాత కంప్యూటర్లలో మౌస్ బాణం కూడా ఈడ్చుకుంటూ కదిలింది. నెట్‌వర్క్ కేబుల్ పీకగానే మామూలైంది. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి.

కారణం ఇది. కొన్ని సందేశాలు ఒక కంప్యూటర్‌కని కాక అందరికీ అని వెళతాయి. «ఈ చిరునామా ఎవరిది?», «నాకో చిరునామా ఇవ్వండి» లాంటివి. వాటినే బ్రాడ్‌కాస్ట్ అంటారు. స్విచ్ అలాంటి సందేశాన్ని మోసే మూటను, అంటే ఫ్రేమ్‌ను, వచ్చిన పోర్టులో తప్ప మిగతా అన్ని పోర్టుల్లోకీ పంపుతుంది. 6వ పోర్టు నుంచి గోడకు వెళ్లిన తీగ, రెండు సాకెట్లలో దూరిన ఆ కేబుల్ ద్వారా తిరిగి 11వ పోర్టులోకే వస్తుందనుకోండి. 6లోంచి వెళ్లిన ఫ్రేమ్ 11లో కొత్తగా వచ్చినట్టు దిగుతుంది. స్విచ్ దాన్ని మళ్లీ అందరికీ పంచుతుంది, 6లోకి కూడా. ఎదురు దిశలోనూ ఇదే తిరుగుడు. ఇలా తిరిగి స్విచ్‌లోకే వచ్చే దారినే లూప్ అంటారు. రూటర్లు దాటే ప్యాకెట్‌కు ఇన్ని మజిలీలు దాటాక చచ్చిపోవాలని ఒక లెక్క రాసి ఉంటుంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌కు ఆ లెక్క లేదు, అది తిరుగుతూనే ఉంటుంది. గిగాబిట్ తీగలో అతి చిన్న ఫ్రేములైతే సెకనుకు సుమారు 14.88 లక్షలు పడతాయి. ఈ వరదనే బ్రాడ్‌కాస్ట్ తుపాను అంటారు. అది ప్రతి కంప్యూటర్ మీదా పడుతుంది, వాటిని చదివి పారేయడానికే ప్రాసెసర్‌కు తీరిక చాలదు. మౌస్ ఈడ్చుకుపోవడం అందుకే. స్విచ్ ఆపి వేసినప్పుడు కాసేపు బాగుండటానికీ కారణం ఇదే: తిరిగే ఫ్రేములన్నీ పోతాయి, ఎవరో ఒక కొత్త బ్రాడ్‌కాస్ట్ పంపగానే మళ్లీ మొదలు.

వైరస్ కాదని నమ్మకం కావాలంటే ల్యాప్‌టాప్‌లో, వచ్చే ఫ్రేములను చూపించే వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్ పెట్టి ఈ వడపోత రాయండి:

```
eth.dst == ff:ff:ff:ff:ff:ff
```

బ్రాడ్‌కాస్టులు వేలకు వేలు రావడం ఒక్కటే చాలదు. అవి ఒకే ఫ్రేమ్ నకళ్లా అన్నది చూడాలి. ఆ రోజు నాకు ఒకే కంప్యూటర్ పంపిన DHCP Discover ఒకటి, అంటే «నాకో చిరునామా ఇవ్వండి» అన్న సందేశం, అదే Transaction ID తో, అంటే అదే గుర్తింపు సంఖ్యతో, వరుసగా తెర నిండా కనిపించింది. వైరస్ అయితే ఎప్పటికప్పుడు కొత్తవి పుట్టిస్తుంది, ఇక్కడ పాతదే తిరుగుతోంది. వైర్‌షార్క్ తెలియకపోయినా ఫరవాలేదు, దీపాలు చాలు. మామూలు రోజున ఒక్కో దీపం తన పనిని బట్టి ఒక్కో తీరున మెరుస్తుంది. తుపాను వేళ అన్నీ ఒకే లయలో, దాదాపు ఆరకుండా మెరుస్తాయి.

ఇక వెతుకులాట. బ్రాడీపేటలో కింద 24 పోర్టుల స్విచ్, పైన 16 పోర్టుల స్విచ్ ఉన్నాయి. రెండింటినీ కలిపే తీగ తీశాను. కింద దీపాలు శాంతించాయి, పైన ఆగలేదు. అంటే లూప్ పైనే ఉంది. రెండూ శాంతిస్తే లూప్ రెండు స్విచ్‌ల మీదుగా పోతోందని అర్థం. మీకు ఒకటే స్విచ్ గనుక ఆ చిక్కు లేదు.

పైన 1 నుంచి 8 వరకు కేబుళ్లు తీశాను, తుపాను ఆగింది. లూప్ కొసల్లో కనీసం ఒకటి ఈ ఎనిమిదిలో ఉందన్నమాట. తిరిగి ఒక్కొక్కటే పెడుతూ, ఒక్కోదానికి ఐదారు సెకన్లు ఆగుతూ వచ్చాను. ఆగకుండా గబగబా పెడితే ఏది కారణమో తెలియదు, ఈ తొందర చాలామంది చేస్తారు. 6 దగ్గర దీపాలన్నీ ఒక్కసారిగా రేగాయి. వెంటనే తీశాను. 6తో పాటు 11వ దీపం కూడా ఆరిపోయింది.

అదే అసలు గుర్తు. కంప్యూటర్ ఉన్న తీగ తీస్తే ఒక దీపమే ఆరుతుంది. రెండు పోర్టుల మధ్య వట్టి తీగే ఉంటే, ఒక కొస తీయగానే రెండో కొసకు కూడా అవతల ఎవరూ ఉండరు. నమ్మకం కుదరక మళ్లీ పెట్టి తీశాను. రెండూ కలిసే వెలిగాయి, కలిసే ఆరాయి. పాత కాలపు స్విచ్‌లలో మామూలు కేబుల్‌తో ఇలా రెండు పోర్టులు కలిస్తే లింకే వచ్చేది కాదు. ఇప్పటివి తీగలను తామే సర్దుకుంటాయి, ఆ సౌకర్యమే ఇక్కడ చెరుపు చేసింది.

సాకెట్ల మీద నంబర్లు లేవు (వెల్లలో కొట్టుకుపోయాయి). గదులన్నీ తిరిగాను. బీరువా పక్కన రెండు సాకెట్ల పలక, దాంట్లో మీటరు పొడవు నీలం కేబుల్, కొస కొసా గోడలోనే. అక్కడ కూర్చునే పెద్దాయన, ముప్ఫై ఏళ్ల గుమస్తా, నొచ్చుకుంటూ చెప్పారు: «తీగ నేలమీద పడి ఉంటే కాలికి తగులుతోందని నేనే పెట్టాను బాబూ. ఖాళీ రంధ్రం కనపడితే అందులోదే అనుకున్నాను.» ఆయన తప్పేముంది? ఆ తీగ ఎవరి బల్ల దగ్గరదో చెప్పేవాళ్లే లేరు.

ఒక మినహాయింపు ఉంది. ఒక కేబుల్ తీస్తే తుపాను ఆగినా ఒక్క దీపమే ఆరితే, లూప్ ఆ తీగ అవతల ఉంది. ఆ గదిలో బల్ల కింద దాచిన ఐదు పోర్టుల చిన్న స్విచ్ ఉంటుంది, దాని కేబుల్ ఒకటి దానికే తిరిగి పెట్టి ఉంటుంది.

తరువాత మేనేజ్డ్ స్విచ్, అంటే ఆదేశాలిచ్చి సర్దుకోగలిగేది, కొనాలనుకుంటే, సిస్కో తరహాలో కంప్యూటర్లు తగిలే పోర్టులకు ఇవి పెట్టించండి:

```
spanning-tree portfast
spanning-tree bpduguard enable
storm-control broadcast level 1.00
```

స్విచ్ తాను పంపిన పరీక్ష ఫ్రేమ్ తనకే తిరిగి వస్తే రెండో పంక్తి ఆ పోర్టును మూసేస్తుంది. బల్ల కింది చవక స్విచ్‌లు కొన్ని ఆ పరీక్ష ఫ్రేములను మింగేస్తాయి, అప్పుడు కాపాడేది బ్రాడ్‌కాస్టులకు హద్దు పెట్టే మూడోదే. ఇవాళ మాత్రం సగం కేబుళ్లు తీసి చూడండి. తీసేముందు ప్రతి కేబుల్‌కు చిన్న కాగితం అంటించి పోర్టు నంబరు రాసుకోండి, లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు మీరే ఇంకో లూప్ పెడతారు.