ఫేజ్ షిఫ్ట్ ఆసిలేటర్: గెయిన్ 29 పెట్టినా ఎందుకు మొదలవలేదు?

ప్రశ్న: ఒంగోలులో డిప్లొమా ఫైనలియర్ చదువుతున్నాను. 741తో 1 కిలోహెర్ట్జ్ ఫేజ్ షిఫ్ట్ ఆసిలేటర్ కట్టాను. మూడు కెపాసిటర్లూ 103. R మూడూ 6.5 కె (4.7 కె, 1.8 కె సిరీస్‌లో), మూడూ గ్రౌండుకే ఇచ్చాను. తర్వాత 2వ పిన్నుకి 10 కె, ఫీడ్‌బ్యాక్‌కి 290 కె. గెయిన్ సరిగ్గా 29. సప్లై ప్లస్ మైనస్ 12 వోల్టులు. ఔట్‌పుట్‌లో ఏమీ రావడం లేదు. ఐసీ రెండుసార్లు మార్చాను. ఎక్కడ తప్పు?

జవాబు:

తమ్ముడూ, ఐసీ బాగానే ఉంది, దాన్ని ఇక మార్చకు. తేడా ఆ 10 కె దగ్గరుంది. నేను కావలి దగ్గర ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. ఈ ప్రయోగం వచ్చిన ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు సరిగ్గా నీలాగే కట్టిన బోర్డు పట్టుకుని "సార్, గెయిన్ 29 ఉంది, అయినా లేవట్లేదు" అంటూ వస్తారు.

ముందు ఆ 29 ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. మూడు RC సెక్షన్లు కలిసి 180 డిగ్రీలు తిప్పాలి. ఒక్కో సెక్షన్ దేనికది విడిగా ఉండి 60 డిగ్రీలు తిప్పితే, ఒక్కోదాంట్లో సిగ్నల్ సగమవుతుంది. మూడూ కలిపితే ఎనిమిదో వంతు, అంటే గెయిన్ 8 చాలాలి. కానీ మన సర్క్యూట్లో సెక్షన్ల మధ్య బఫర్లు లేవు. రెండో సెక్షన్ మొదటిదాని నుంచి కరెంటు లాగుతుంది, మూడోది రెండోదాని నుంచి లాగుతుంది. ఈ లోడింగ్ వల్లే 8 కాస్తా 29 అయింది. అది కూడా మూడు R లు, మూడు C లు సమానంగా ఉండి, చివరి R మీద ఇంకే లోడూ లేనప్పటి లెక్క.

నువ్వు ఆ చివరి R మీద ఇంకో లోడు పెట్టావు. ఆప్-ఆంప్ 2వ పిన్ను వర్చువల్ గ్రౌండ్ కాబట్టి, నీ 10 కె ఒక కొస ఎప్పుడూ గ్రౌండులో ఉన్నట్టే. అంటే మూడో సెక్షన్‌లో ఉన్నది 6.5 కె కాదు, 6.5 కె, 10 కె ప్యారలల్. అది సుమారు 3.9 కె. అప్పుడు కావాల్సిన గెయిన్, వచ్చే ఫ్రీక్వెన్సీ రెండూ మారతాయి. R1 అంటే 2వ పిన్నుకి వెళ్లే రెసిస్టర్ అనుకుంటే లెక్క ఇది:

```
g = 1 + R/R1
K = (4g + 1)(3g + 3)/g − 1
f = √(g/(3g + 3)) / (2πRC)
```

K అంటే ఊగడానికి కనీసం ఉండాల్సిన Rf/R1. నీ విలువలకి g 1.65 వస్తుంది. దాన్ని పెడితే K 35.6. నీ దగ్గర ఉన్నది 29. లూపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేసరికి సిగ్నల్ దాదాపు ఐదో వంతు తగ్గిపోతోంది, ఇక అది పెరిగేదెట్లా? నిర్ధారణ కావాలంటే ఫీడ్‌బ్యాక్‌లో 290 కె తీసి 390 కె పెట్టి చూడు. గెయిన్ 39 అవుతుంది, వెంటనే ఊగుతుంది. ఫ్రీక్వెన్సీ మాత్రం 1 కిలోహెర్ట్జ్ కాకుండా 1.1 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది, వేవ్ పైనా కిందా తెగి ఉంటుంది. ఈ రెండు గుర్తులూ కనిపిస్తే ఇదే జబ్బు.

దీనికి R1ని R కంటే పది రెట్లు పెట్టమని చాలామంది చెబుతారు. అది పనిచేస్తుంది, కానీ నాకు నచ్చదు. అప్పుడు R1 65 కె అవుతుంది. పై సూత్రంలో g 1.1 పెట్టి చూస్తే కనీస గెయిన్ దాదాపు 30, అంటే Rf సుమారు 1.95 మెగ్ ఓమ్‌లు. అంత పెద్ద రెసిస్టర్‌లో 741 బయాస్ కరెంటు పారితే ఔట్‌పుట్ డీసీ పక్కకి జరుగుతుంది. దానికి తోడు 2వ పిన్ను నుంచి గ్రౌండుకి R1 గుండా డీసీ దారి ఉంటుంది కాబట్టి ఐసీ ఆఫ్‌సెట్ కూడా ముప్పై రెట్లు పెరిగి బయటికొస్తుంది.

దానికంటే శుభ్రమైన దారి ఉంది. మూడో R ని గ్రౌండుకి ఇవ్వకు. దాన్నే మూడో కెపాసిటర్ నుంచి నేరుగా 2వ పిన్నుకి ఇవ్వు. పిన్ను వర్చువల్ గ్రౌండే కాబట్టి నెట్‌వర్క్‌కి ఆ R గ్రౌండులో ఉన్నట్టే కనిపిస్తుంది, అదే R ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ రెసిస్టర్ పని కూడా చేస్తుంది. ఇప్పుడు g సరిగ్గా 1. K సరిగ్గా 29. ఒక రెసిస్టర్ తగ్గింది. డీసీకి కెపాసిటర్ అడ్డం కాబట్టి ఆఫ్‌సెట్ పెరగడం కూడా పోయింది. 3వ పిన్ను గ్రౌండుకి.

ఇక విలువలు. ఎప్పుడూ C ని ముందు ఎంచుకో, R ని దానికి తగ్గట్టు లెక్కపెట్టు, ఎందుకంటే కెపాసిటర్లు మనం అడిగిన విలువల్లో దొరకవు. 1 కిలోహెర్ట్జ్‌కి 103 మంచి ఎంపిక. 104 పెడితే R 650 ఓమ్‌లకి పడిపోతుంది. ఆ నెట్‌వర్క్ ఆప్-ఆంప్‌కి R కంటే సుమారు 2.8 రెట్ల ఇంపీడెన్స్‌లా కనిపిస్తుంది, అంటే 1.8 కె. 741ని 2 కె కంటే తక్కువ లోడుతో నడపకూడదు. 102 పెడితే R 65 కె, Rf రెండు మెగ్‌ల దగ్గరికి పోతుంది, బ్రెడ్‌బోర్డు మీద కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ గోల కూడా పట్టుకుంటుంది.

103 అని రాసున్నవన్నీ ఒకటి కావు. డిస్క్ సిరామిక్ మీద 103 తర్వాత Z అని ఉంటే, దాని అసలు విలువ 20 శాతం తక్కువ నుంచి 80 శాతం ఎక్కువ వరకు ఎక్కడైనా ఉండొచ్చు. అలాంటివి మూడు పెడితే మూడు సెక్షన్లు మూడు రకాలుగా ఉంటాయి, 29 అన్న లెక్కకి అర్థమే ఉండదు. పాలిస్టర్‌వి తీసుకో, K అంటే 10 శాతం, J అంటే 5 శాతం. ఓ పది కొని కెపాసిటెన్స్ రేంజ్ ఉన్న మల్టీమీటర్‌తో కొలిచి, దగ్గరదగ్గరగా ఉన్న మూడింటిని ఏరు. మా ల్యాబులో ఒక స్టూడెంట్ ఇలాగే ఏరితే మూడు 9.6 నానోఫారడ్‌ల దగ్గర దొరికాయి. అప్పుడు:

```
R = 1 / (2π·√6·f·C)
  = 0.065 / (1000 × 9.6e-9) ≈ 6.77 k
```

నేరుగా 6.8 కె పెట్టాం. ఫ్రీక్వెన్సీ 995 హెర్ట్జ్. రెండు రెసిస్టర్లు సిరీస్‌లో అతికించే పనే లేకపోయింది.

R 6.8 కె అయితే Rf కనీసం 29 రెట్లు, అంటే 197 కె. సరిగ్గా అంతే పెట్టావో, రెసిస్టర్లలో ఒక్క శాతం తేడా వచ్చినా మొదలవదు. ఎక్కువ పెడితే మొదలవుతుంది కానీ సప్లై దాకా పెరిగి తెగిపోతుంది. మొదట కాస్త ఎక్కువ గెయిన్, పెరిగాక సరిగ్గా 29, రెండూ ఒకే సర్క్యూట్లో కావాలి. అందుకే Rf ని రెండు ముక్కలు చెయ్యి: 150 కె ఫిక్స్‌డ్, దానికి సిరీస్‌లో 100 కె ప్రీసెట్. ప్రీసెట్‌కి అడ్డంగా రెండు 1N4148 డయోడ్లు ఎదురెదురుగా ప్యారలల్‌లో పెట్టు. సిగ్నల్ చిన్నగా ఉన్నప్పుడు డయోడ్లు లేనట్టే. పెరిగాక పీక్‌ల దగ్గర అవి కొంచెం కొంచెం తెరుచుకుని ప్రీసెట్ విలువని తగ్గిస్తాయి. సగటున 197 కె అయ్యే చోట వేవ్ నిలబడుతుంది. రెసిస్టర్లు మెటల్ ఫిల్మ్ ఒక శాతంవి తీసుకో.

సెట్ చేసే పద్ధతి చెబుతాను. ప్రీసెట్ సున్నా దగ్గర పెట్టి పవర్ ఇవ్వు. స్కోప్ మీద గీత తప్ప ఏమీ ఉండదు. నెమ్మదిగా పెంచుతూ పో. 47 కె అటూ ఇటూలో ఊగడం మొదలవుతుంది. అక్కడ ఆపితే చాలామందికి తర్వాత టెన్షన్: ఇవాళ ఊగింది, రేపు ఆఫ్ చేసి ఆన్ చేస్తే రాలేదు అంటారు. ఇంకాస్త తిప్పి 56 కె దగ్గర ఉంచు. అప్పుడు మొదటి గెయిన్ 206 బై 6.8, అంటే 30.3. ఈ కాస్త ఎక్కువతో వేవ్ ఒక్కో సైకిల్‌కి ఐదు శాతం చొప్పున పెరుగుతుంది, పవర్ ఇచ్చిన పావు సెకనులోపే నిలదొక్కుకుంటుంది. అదే గెయిన్ 29.1 దగ్గర వదిలేస్తే సైకిల్‌కి అర శాతం కూడా పెరగదు. స్విచ్ వేశాక సెకను, రెండు సెకన్లు ఆగి మెల్లగా లేస్తుంది. అలా ఆలస్యంగా లేస్తోందంటే అంచు మీద ఉందని అర్థం, ప్రీసెట్ ఇంకాస్త పెంచు.

ఔట్‌పుట్ పీక్ సుమారు ఒకటిన్నర వోల్టు ఉంటుంది. పెద్దది కావాలంటే దీని తర్వాత ఇంకో ఆప్-ఆంప్ పెట్టి పెంచుకో, ఇక్కడ గెయిన్ పెంచకు. ప్రీసెట్ మరీ పెంచితే డయోడ్లు గట్టిగా కోస్తాయి, పీక్‌లు బండబారడం స్కోప్‌లో కనిపిస్తుంది. ఇంకో సంగతి, డయోడ్ వోల్టేజ్ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. డిసెంబర్‌లో సెట్ చేసిన బోర్డుని మే నెలలో మన ఎండలకి ఫ్యాన్ లేని గదిలో పెడితే ఆంప్లిట్యూడ్ పదో వంతు దాకా పడిపోవడం మామూలే. ఫ్రీక్వెన్సీ మాత్రం పెద్దగా కదలదు, పాలిస్టర్ కెపాసిటర్లు కాబట్టి. అది చూసి కంగారుపడి ప్రీసెట్ తిప్పొద్దు.

ఇవన్నీ చేసినా రాకపోతే 6వ పిన్ను డీసీ కొలువు. సున్నా దగ్గరుంటే ఆప్-ఆంప్ సరిగానే ఉంది, గెయిన్ చాలట్లేదు. కెపాసిటర్లు మళ్లీ కొలువు. ప్లస్ 10కో మైనస్ 10కో అతుక్కుపోయి ఉంటే ఫీడ్‌బ్యాక్ దారి ఎక్కడో తెగింది, లేదా 2, 3 పిన్నులు తారుమారయ్యాయి. ప్రీసెట్ మధ్య కాలు బ్రెడ్‌బోర్డులో సరిగ్గా కూర్చోకపోవడం మా దగ్గర ఎక్కువగా కనిపించే కారణం.

రేపు ఇదే సర్క్యూట్‌ని 10 కిలోహెర్ట్జ్‌కి మార్చాలనిపిస్తే R, C ఒక్కటే మారిస్తే సరిపోదు. 741 బ్యాండ్‌విడ్త్ ఒక మెగాహెర్ట్జ్. ముప్పై గెయిన్ దగ్గర అది 33 కిలోహెర్ట్జ్‌కి కుదించుకుపోతుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఐసీ తనంతట తానే 17 డిగ్రీలు వెనక్కి లాగుతుంది. దాన్ని సర్దుకోవడానికి ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది, కింద నెట్‌వర్క్ సిగ్నల్‌ని ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది, 29 మళ్లీ చాలదు. ఒకటి, రెండు కిలోహెర్ట్జ్ దాటితే TL072 వాడు. దాని బ్యాండ్‌విడ్త్ 3 మెగాహెర్ట్జ్. ఒక ప్యాకేజీలో రెండు ఆప్-ఆంప్‌లు వస్తాయి కాబట్టి రెండోదాన్ని ఇందాక చెప్పిన ఔట్‌పుట్ స్టేజ్‌కి వాడుకోవచ్చు. పిన్నులు మాత్రం 741లా ఉండవు, చూసి పెట్టు.