ద్రవ్యోల్బణం అంకె చూసి బంగారం కొనేవారు 1975ను ఒకసారి చూడాలి

ప్రశ్న: 1970లలో ధరలు మండిపోయినప్పుడు బంగారం 35 డాలర్ల నుంచి 850కి వెళ్లిందంటారు. ఇప్పుడు కూడా ద్రవ్యోల్బణం పెరిగితే బంగారం అలాగే పెరుగుతుందని నమ్మొచ్చా?

జవాబు:

అలా నమ్మి డబ్బు పెట్టకండి. ముందుగా ఆ 35 సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే అది మార్కెట్లో పుట్టిన ధర కాదు. 1934లో అమెరికా ప్రభుత్వం ఔన్సుకు 35 డాలర్లని ఖరారు చేసింది. విదేశీ ప్రభుత్వాలు డాలర్లు తెచ్చిస్తే ఆ లెక్కన బంగారం ఇస్తూ వచ్చింది. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ ఆ మార్పిడిని ఆపేశారు. 1934 నుంచి అప్పటికి అమెరికాలో మామూలు వస్తువుల ధరలు మూడు రెట్లయ్యాయి, బంగారం అధికారిక ధర మాత్రం అక్కడే ఉండిపోయింది. అంటే సుమారు 105 డాలర్ల దాకా వచ్చిన పెరుగుదలను ఏళ్ల తరబడి అణిచిపెట్టిన ధర తన చోటికి చేరుకోవడంగానే చూడాలి. ఇప్పుడు బంగారం ధరను అలా ఎవరూ కట్టిపెట్టలేదు. కాబట్టి ఆ దశాబ్దపు మొదటి దూకుడును మన అంచనాల్లోంచి తీసేయడమే న్యాయం.

అసలు పాఠం ఆ తర్వాత, ఎవరూ పెద్దగా తలచుకోని రెండేళ్లలో ఉంది. 1974 డిసెంబరు చివర్లో లండన్‌లో బంగారం సుమారు 195 డాలర్లు. అమెరికా పౌరులు 1933 తర్వాత మళ్లీ స్వేచ్ఛగా బంగారం కొనుక్కోవచ్చన్న చట్టం ఆ నెల 31న అమల్లోకి వచ్చింది. జనం ఎగబడతారని వ్యాపారులు ముందే కొని పెట్టుకున్నారు. జనం ఎగబడలేదు. జనవరిలో అమెరికా ట్రెజరీ తన నిల్వలోంచి కొంత వేలం వేసింది. 1976లో అంతర్జాతీయ ద్రవ్యనిధి కూడా వేలాలు మొదలుపెట్టింది. ఆ ఆగస్టు చివరికి ధర సుమారు 103 డాలర్లకు దిగింది, అంటే 47 శాతం పతనం.

ఆ ఇరవై నెలల్లో ద్రవ్యోల్బణం ఆగిపోయిందా అంటే, లేదు. అమెరికాలో ధరలు ఇంకో పది శాతం పైగా పెరిగాయి. 195 పెట్టి కొన్నవారి చేతిలో మిగిలిన 103 డాలర్లకు, 1974 చివరి ధరల్లో చూస్తే, విలువ 93 మాత్రమే. ధరలు పెరుగుతున్న కాలంలోనే, ధరల నుంచి కాపాడుతుందనుకున్న వస్తువు సగానికి పైగా కొనుగోలు శక్తిని పోగొట్టుకుంది.

సరఫరా భయం ఒక్కటే దీనికి కారణం కాదు. బంగారం వడ్డీ ఇవ్వదు. కాబట్టి దాన్ని పట్టుకు కూర్చున్నవారు వదులుకుంటున్నది ఎంత అన్నదే అసలు లెక్క. అమెరికా ప్రభుత్వం మూడు నెలలకు తీసుకునే అప్పు, అంటే ట్రెజరీ బిల్లు మీద వచ్చే వడ్డీలోంచి ద్రవ్యోల్బణాన్ని తీసేయండి. మిగిలేదే నిజ వడ్డీ. 1974లో బిల్లు సగటున దాదాపు 8 శాతం ఇస్తే ధరలు 12 శాతం పెరిగాయి. డాలర్లు దాచుకున్నవారికి ఏటా 4 శాతం నష్టం, కాబట్టి బంగారం పట్టుకుంటే వదులుకునేదేమీ లేదు. 1976కి వచ్చేసరికి బిల్లు 5 శాతం, ద్రవ్యోల్బణం కూడా ఇంచుమించు 5 శాతమే. నష్టం సున్నాకి చేరింది, బంగారానికున్న ఆ ఆసరా పోయింది. 1979లో బిల్లు 10 శాతం దగ్గర ఉంటే ధరలు 13 శాతం పెరిగాయి. లోటు మళ్లీ తెరుచుకుంది, ఆ ఏడాది బంగారం రెట్టింపు దాటింది. ఇక్కడ నిజ వడ్డీ ఎంతుంది అన్నదానికన్నా అది ఎటు కదులుతోంది అన్నది ముఖ్యం. 1976లో కూడా అది సున్నా దగ్గరే ఉంది, కానీ అడుగు నుంచి పైకి వస్తూ ఉంది.

ఈ లెక్కకు గట్టి పరీక్ష 1981. ఆ ఏడాది ద్రవ్యోల్బణం దాదాపు 9 శాతం, ఎవరు చూసినా ఎక్కువే. కానీ 1979 ఆగస్టులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ పగ్గాలు చేపట్టిన పాల్ వోల్కర్ వడ్డీని తగ్గనివ్వలేదు. బిల్లు సగటున 14 శాతం ఇచ్చింది, అంటే నిజ వడ్డీ 5 శాతం మిగులు. ఏడాది మొదట 590 దగ్గర ఉన్న బంగారం చివరికి 400కి వచ్చింది, 1982 జూన్‌లో 300 కిందికి కూడా పోయింది. 1980 జనవరి 21 నాటి 850 అయితే ఒక్క రోజు ధర. మర్నాడే లండన్‌లో అది 740 కిందికి పడింది. డాలర్లలో ఆ 850ని మళ్లీ దాటడానికి 2008 దాకా పట్టింది. ధరల పెరుగుదలను కలిపి లెక్కిస్తే ఆ శిఖరం 2025 నాటి డాలర్లలో సుమారు 3,500, బంగారం దాన్ని దాటింది కూడా 2025లోనే. ఆ రోజు కొన్నవారు నలభై ఐదేళ్లు ఎదురుచూశారన్నమాట. దీర్ఘకాలంలో బంగారం కాపాడుతుంది అన్న మాటలో ఆ దీర్ఘకాలం ఎంతో ఎవరూ చెప్పరు, అది నాకు నచ్చదు.

ఇప్పటికి ఇది ఎలా వాడాలి? ఫెడ్ గణాంకాల సైట్ FREDలో `DFII10` అని వెతికితే పదేళ్ల నిజ వడ్డీ రోజువారీగా కనిపిస్తుంది. అది ద్రవ్యోల్బణానికి ముడిపెట్టిన ప్రభుత్వ బాండ్ల నుంచి వస్తుంది. 70లలో అలాంటి బాండ్లు లేవు కాబట్టి పైన బిల్లుతో లెక్క కట్టాను. మీరూ కట్టుకోవాలంటే బిల్లు వడ్డీ `TB3MS` ఏడాది సగటు తీసుకుని, అందులోంచి ధరల సూచీ `CPIAUCSL` డిసెంబరు నాటి ఏడాది మార్పును తీసేయండి. 2022 మీద పెట్టి చూడండి. జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది, అయినా మార్చిలో 2,000 దాటిన బంగారం నవంబరు మొదటికి 1,630 దగ్గరికి పడింది. అదే కాలంలో `DFII10` సున్నా కింద నుంచి ఒకటిన్నర శాతం పైకి ఎక్కింది. 1975 కథే, ఇంకో రూపంలో.

అయితే 2023 నుంచి ఈ కొలబద్ద ఒక్కటే సరిపోవడం లేదు. నిజ వడ్డీ రెండు శాతం చుట్టుపక్కలే ఉన్నా బంగారం పెరుగుతూ పోయి, 2025 అక్టోబరులో 4,000 దాటింది. 2022లో పాశ్చాత్య దేశాలు రష్యా విదేశీ నిల్వలను స్తంభింపజేశాక చాలా కేంద్ర బ్యాంకులు బంగారం వైపు మళ్లాయి. 2022, 2023, 2024 మూడేళ్లూ వాటి కొనుగోళ్లు ఏటా వెయ్యి టన్నులు దాటాయి. వడ్డీ పెరిగిందని వాళ్లు ఆగరు, అది ఇంకో లెక్క. 70ల చివర్లో అమెరికా ట్రెజరీ, ద్రవ్యనిధి అమ్మేవాళ్ల వైపు ఉన్నాయి, ఇప్పుడు అధికారిక సంస్థలు కొనేవాళ్ల వైపు ఉన్నాయి. పాత పోలికలో నాకు కనిపించే అతి పెద్ద తేడా ఇదే. కాబట్టి నిజ వడ్డీతో పాటు, వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ మూడు నెలలకోసారి ఇచ్చే నివేదికలో కేంద్ర బ్యాంకుల కొనుగోళ్ల అంకె కూడా చూడండి. నిజ వడ్డీ పెరుగుతూ, ఆ కొనుగోళ్లు కూడా వరుసగా రెండు మూడు త్రైమాసికాలు తగ్గితే, ద్రవ్యోల్బణం ఎంత ఉన్నా సరే 1975 లాంటి పతనానికి దారి తెరుచుకున్నట్టే లెక్కపెట్టుకోండి.