రంగు గీత ఒకలా, స్ట్రీమ్‌లైన్ మరొకలా ఎందుకు?

ప్రశ్న: సార్, ప్రాజెక్టు కోసం సిలిండర్ వెనక నీటి ప్రవాహాన్ని పైథాన్‌లో `streamplot` తో గీశాను. ల్యాబ్‌లో రంగు వదిలి తీసిన ఫొటోతో అది అస్సలు కలవడం లేదు. గైడ్ గారు చూసి "నువ్వు గీసింది స్ట్రీమ్‌లైన్, ఫొటోలో ఉన్నది స్ట్రీక్‌లైన్" అన్నారు. పుస్తకంలో స్ట్రీమ్‌లైన్, పాత్‌లైన్, స్ట్రీక్‌లైన్ మూడింటి నిర్వచనాలూ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి. ఒక లెక్క చేసి చూపిస్తారా?
— మెకానికల్ ఫైనలియర్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ గైడ్ గారు సరిగ్గానే చెప్పారు. మీ కోడ్ మీద అనుమానం పెట్టుకోకండి, ఫొటో మీదా పెట్టుకోకండి. రెండూ కలవకపోవడమే సహజం. ఎందుకో తెలియాలంటే ముందు ఇంట్లో అగరుబత్తి వెలిగించి, ఫ్యాన్ ఆపి, కాసేపు దాని పొగ చూడండి.

గాలి కదలకపోతే పొగ దారంలా నిలువుగా లేస్తుంది. ఇప్పుడు ఎవరైనా తలుపు తీశారనుకోండి. దారం ఒక పక్కకు వంగుతుంది. ఆ క్షణాన ఫొటో తీస్తే అందులో కనిపించే పొగంతా అగరుబత్తి కొస నుంచి వచ్చిందే, కానీ ఒకేసారి వచ్చింది కాదు. పైన ఉన్నది తలుపు తీయకముందు బయల్దేరిన పొగ, కొస దగ్గర ఉన్నది ఇప్పుడే బయల్దేరినది. ఒకే చోటు నుంచి వేర్వేరు సమయాల్లో బయల్దేరిన కణాలు ఈ క్షణంలో ఎక్కడెక్కడ ఉన్నాయో కలిపితే వచ్చే గీత స్ట్రీక్‌లైన్. మీ రంగు గీత అదే.

అదే పొగలో ఒకే ఒక్క రేణువును పట్టుకుని, అది పుట్టినప్పటి నుంచి ఎటెటు తిరిగిందో గీస్తే అది పాత్‌లైన్. ఇక స్ట్రీమ్‌లైన్‌ను పొగ గీయలేదు. గది నిండా సన్నని ధూళి ఉండి, కెమెరా షటర్ కొద్దిసేపే తెరిచి ఫొటో తీస్తే ఒక్కో ధూళి కణం ఒక్కో చిన్న గీతగా పడుతుంది. ఆ చిన్న గీతలన్నీ ఆ క్షణంలో ఎక్కడ గాలి ఎటు పోతోందో చెబుతాయి. ప్రతి చోటా వాటి దిశను తాకుతూ గీసిన రేఖ స్ట్రీమ్‌లైన్. దానికి గతంతో పని లేదు, ఆ ఒక్క క్షణమే లెక్క.

ప్రవాహం కాలంతో మారకపోతే మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పుస్తకంలో మొదటి ఉదాహరణలు అలాంటివే కావడం వల్ల నిర్వచనాలు ఒకేలా అనిపిస్తాయి. మారే ప్రవాహంలోనే తేడా బయటపడుతుంది. అందుకే లెక్కకు ఈ వేగం తీసుకుందాం:

```
u = 1
v = t
```

x దిశలో వేగం ఎప్పుడూ సెకనుకు 1 మీటరు. y దిశలో వేగం t = 0 దగ్గర సున్నా, తర్వాత సెకను సెకనుకూ 1 చొప్పున పెరుగుతుంది. ఏ క్షణంలోనైనా ప్రవాహమంతటా ఒకటే వేగం కాబట్టి ఇంటిగ్రేషన్ చాలా తేలిక. రంగు వదిలే సూది (0, 0) దగ్గర ఉంది, t = 0 నుంచి ఆగకుండా రంగు వదులుతోంది. ఫొటో t = 2 సెకన్ల దగ్గర తీస్తాం.

ముందు స్ట్రీమ్‌లైన్. దీనికి dy/dx = v/u = t. ఇక్కడ t అంటే ఫొటో తీసిన క్షణం, అంటే 2. దాన్ని మొదటే స్థిరాంకంగా పెట్టేయాలి. dy/dx = 2 అయితే (0, 0) గుండా పోయే గీత y = 2x. సరళరేఖ. ఆ క్షణానికి ప్రవాహంలో ఎక్కడ గీసినా ఇదే వాలుతో సమాంతర రేఖలే వస్తాయి. `streamplot` కి t = 2 నాటి డేటా ఇస్తే అది చూపించేదీ ఇదే.

పాత్‌లైన్‌కి కణం వెంట నడవాలి. t = 0 దగ్గర సూది నుంచి బయల్దేరిన కణానికి dx/dt = 1, dy/dt = t. కాబట్టి x = t, y = t²/2. ఇప్పుడు t ని తొలగిస్తే y = x²/2. మొదట అడ్డంగా బయల్దేరి, పోనుపోను పైకి లేచే పారబోలా. రెండు సెకన్లకు ఆ కణం (2, 2) చేరుతుంది.

స్ట్రీక్‌లైన్ దగ్గరే చాలామంది తడబడతారు, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. సూది నుంచి s అనే సమయంలో బయల్దేరిన కణాన్ని తీసుకోండి. అది t సమయానికి ఎక్కడ ఉంటుంది? x = t − s, y = (t² − s²)/2. ఈ రెండు సమీకరణాల్లో రెండు సమయాలున్నాయి: పుట్టిన సమయం s, చూసే సమయం t. ఒక కణం దారి కావాలంటే s ని కదలకుండా ఉంచి t ని నడపాలి, అది పాత్‌లైన్. రంగు గీత కావాలంటే t ని 2 దగ్గర ఆపేసి s ని 0 నుంచి 2 దాకా నడపాలి, అది స్ట్రీక్‌లైన్. పరీక్షలో పోయే మార్కులన్నీ ఇక్కడే పోతాయి: s కి బదులు t ని తొలగిస్తే స్ట్రీక్‌లైన్ అని రాసి పాత్‌లైన్ గీసినట్టవుతుంది.

t = 2 పెట్టి, s = 2 − x అని మార్చి s ని తొలగిస్తే y = 2x − x²/2 వస్తుంది. కణాల లెక్కతో సరిచూసుకుందాం. సున్నా సెకన్ల దగ్గర పుట్టిన కణం (2, 2) దగ్గర ఉంది. ఒక సెకను దగ్గర పుట్టింది (1, 1.5) దగ్గర ఉంది. ఒకటిన్నర సెకన్ల దగ్గర పుట్టింది (0.5, 0.875) దగ్గర ఉంది. ఇప్పుడే పుట్టింది సూది కొసనే ఉంది. నాలుగూ ఆ సమీకరణం మీదే కూర్చుంటాయి.

ఈ మూడు గీతల్నీ ఒకే కాగితం మీద వేసి చూడండి. x = 1 దగ్గర పాత్‌లైన్ ఎత్తు 0.5, స్ట్రీక్‌లైన్ ఎత్తు 1.5, స్ట్రీమ్‌లైన్ ఎత్తు 2. పాత్‌లైన్ పైకి వంగుతుంది, స్ట్రీక్‌లైన్ కిందికి వంగుతుంది, స్ట్రీమ్‌లైన్ వంగదు. పాత్‌లైన్, స్ట్రీక్‌లైన్ రెండూ (0, 0) నుంచి (2, 2) దాకా ఉన్నాయి, ఎందుకంటే రంగు గీత చివర ఉన్నది మనం వెంబడించిన ఆ మొదటి కణమే. స్ట్రీక్‌లైన్ సూది దగ్గర వాలు 2, అంటే అక్కడ అది స్ట్రీమ్‌లైన్‌ను తాకుతూ బయల్దేరుతుంది. ఇప్పుడే పుట్టిన కణానికి ఇంకా గతం లేదు కదా.

మీ ప్రాజెక్టుకు అసలు పనికొచ్చే విషయం ఇప్పుడు చెబుతాను. (1, 1.5) దగ్గర రంగు గీత వాలు 1, అంటే 45 డిగ్రీలు. కానీ అదే బిందువు దగ్గర, అదే క్షణంలో నీరు 2 వాలుతో, అంటే సుమారు 63 డిగ్రీల కోణంలో పోతోంది. రంగు గీత ఎటు చూస్తోందో నీరు అటే పోతోందని ఫొటో మీద బాణాలు గీస్తే 18 డిగ్రీలు తప్పు పోతాం. సిలిండర్ వెనక సుడులు ఒకదాని వెంట ఒకటి ఊడి పోయే చోట ఈ తేడా ఇంకా పెద్దది కావచ్చు. రంగు గీత చుట్టలు చుట్టుకున్నంత మాత్రాన అక్కడ ఇప్పుడు సుడి ఉందనీ అనలేం. ఎగువన ఎప్పుడో చుట్టుకుని, సుడి బలం తగ్గిపోయాక కూడా రంగు ఆ ఆకారంలోనే కొట్టుకుపోతుంది. రంగు సూదిని సిలిండర్‌కు దగ్గరగా ఒకసారి, ప్రవాహంలో బాగా దిగువన ఒకసారి పెట్టి అదే చోటును ఫొటో తీయండి. రెండు బొమ్మలూ వేరుగా వస్తే మీరు చూస్తున్నదాంట్లో చాలా భాగం పాత చరిత్ర అని అర్థం.

కాబట్టి ఫొటోతో పోల్చాల్సింది సిమ్యులేషన్‌లోని స్ట్రీక్‌లైన్‌ను. అది గీయడం కష్టం కాదు. ప్రతి స్టెప్‌లోనూ సూది దగ్గర ఒక కొత్త కణాన్ని వదలండి, ఇప్పటిదాకా వదిలిన కణాలన్నిటినీ ఒక అడుగు ముందుకు జరపండి:

```python
dt = 0.01
P = []
for n in range(200):
    t = n*dt
    P.append([0.0, 0.0])
    for p in P:
        p[0] += 1.0*dt
        p[1] += (t + dt/2)*dt
```

లూప్ పూర్తయ్యాక `P` లోని బిందువులన్నీ కలిపితే స్ట్రీక్‌లైన్. `P[0]` ఒక్కదాని స్థానాల్నే ప్రతి స్టెప్‌లో రాసుకుంటూ పోతే పాత్‌లైన్. `P[0]` చివరికి (2, 2) దగ్గర, `P[100]` (1, 1.5) దగ్గర ఉండాలి. మీ సొంత డేటా మీద నడిపే ముందు ఇది తప్పకుండా సరిచూసుకోండి. `t + dt/2` బదులు ఉత్త `t` రాస్తే `P[0]` ఎత్తు 2 కాకుండా 1.99 వస్తుంది. ఇక్కడ చిన్న తేడాయే, కానీ సుడుల్లో కణం చాలాసేపు తిరిగితే తప్పు పేరుకుంటూ పోతుంది. అక్కడ రూంగే-కుట్టా పద్ధతి వాడటం మంచిది.

సిమ్యులేషన్ ఫలితాల్ని బొమ్మలుగా చూపే పారావ్యూ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకూ ఇదే చిక్కు. `Stream Tracer` ఫిల్టర్ స్క్రీన్ మీద ఉన్న టైమ్ స్టెప్‌నే చూస్తుంది కాబట్టి అది ఎప్పుడూ స్ట్రీమ్‌లైనే గీస్తుంది. యానిమేషన్ నడిపిస్తే క్షణానికో స్ట్రీమ్‌లైన్ బొమ్మ వరసగా వస్తుంది తప్ప రంగు పోతున్నట్టు కాదు. కణాల కోసం వేరే ఫిల్టర్లున్నాయి: `ParticlePath` పాత్‌లైన్‌కి, `StreakLine` స్ట్రీక్‌లైన్‌కి.

ఒక్క జాగ్రత్త. ఈ ఫిల్టర్లు గానీ మన లూప్ గానీ మీరు సేవ్ చేసిన టైమ్ స్టెప్‌ల మధ్య వేగాన్ని అంచనా వేసుకుని నడుస్తాయి. సుడి ఒకసారి ఊడటానికి 1 సెకను పడితే, మీరు అర సెకనుకోసారి సేవ్ చేసి ఉంటే, మధ్యలో జరిగిందంతా మాయమే. గీత నునుపుగా అందంగానే వస్తుంది, తప్పుగా వస్తుంది. నేనైతే ఒక్కో సుడి చక్రానికి కనీసం 20 స్టెప్‌లు సేవ్ చేస్తాను. అది చాలిందా లేదా అన్నది తేల్చుకోవడానికి స్టెప్ విడిచి స్టెప్ తీసేసి స్ట్రీక్‌లైన్ మళ్లీ గీస్తాను. గీత కదలకపోతే డేటా సరిపోయినట్టు, కదిలితే సిమ్యులేషన్ మళ్లీ నడిపి ఇంకా దగ్గర దగ్గరగా సేవ్ చేయాల్సిందే.

ప్రవాహం కాలంతో మారితే మూడు గీతలూ తప్పక విడిపోతాయనీ అనుకోకండి. ప్రతి చోటా వేగం దిశ అలాగే ఉండి, పరిమాణం మాత్రమే పెరిగి తగ్గుతుంటే మూడూ ఒకే దారిన పడతాయి. మోటారు రెగ్యులేటర్ తిప్పినా గొట్టంలో నీటి దిశ మారదు, వేగమే మారుతుంది, అలాంటి చోటన్నమాట. మీ డేటాలో ఏదో ఒక బిందువు దగ్గర v/u ని కాలంతో పాటు గ్రాఫ్ గీయండి. సిలిండర్ వెనక అయితే అది ఊగుతూ కనిపిస్తుంది. ఎగువన, సిలిండర్‌కు చాలా దూరంలో, దాదాపు కదలదు. అక్కడ మీ `streamplot`, మీ రంగు ఫొటో రెండూ కలుస్తాయి, కావాలంటే మళ్లీ చూడండి.