రైతుల వాట్సాప్ గ్రూపులో మౌనంగా చూడటం, నోట్స్ రాయడం

ప్రశ్న: ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపు మీద నెట్‌నోగ్రఫీ, అంటే ఆన్‌లైన్ సమూహాల మాటలూ తీరూ గమనించే పరిశోధన, చేస్తున్నాను. చెప్పకుండా చదువుతూ ఉండొచ్చా? ఫీల్డ్ నోట్స్‌లో ఏం రాయాలి?

చెప్పకుండా వద్దు. లింకుతో ఎవరైనా చేరగలిగినా, అక్కడివాళ్లు తోటి రైతులు వింటున్నారనుకునే మాట్లాడతారు. ముందు అడ్మిన్‌ని కలవండి. అయితే ఆయన సరేనంటే అందరూ ఒప్పుకున్నట్టు కాదు. మీ పేరు, కాలేజీ, ఏం చదువుతున్నారో గ్రూపులో మీరే పెట్టండి. వద్దన్నవాళ్ల మాటలు వదిలేయండి. కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు, కాబట్టి అప్పుడప్పుడూ మళ్లీ చెప్పాలి. ఆ తర్వాత మౌనంగా చదవడంలో తప్పు లేదు.

నోట్స్ ఏ రోజువి ఆ రోజే రాయండి. స్క్రీన్‌షాట్ నోట్స్ కాదు, అది డేటా మాత్రమే. ఉదాహరణకు రాత్రి ఒకరు తెల్లమచ్చలున్న చచ్చిన రొయ్య ఫోటో పెట్టి, కాసేపటికి డిలీట్ చేశారనుకోండి. ఇలా రాయొచ్చు:

"చూసింది: ఫోటో, రెండు జవాబులు, తర్వాత డిలీట్. ఊహ: గ్రూపులో కొనుగోలుదారులూ ఉన్నారు, జబ్బని తెలిస్తే రేటు తగ్గిస్తారన్న భయమా? నా సంగతి: నాకూ టెన్షన్ వచ్చింది, రైతు పక్షాన చదువుతున్నానేమో. చేయాల్సింది: విడిగా అడగాలి."

చూసిందీ ఊహా కలిసిపోతే, నెల తర్వాత మీ ఊహే మీకు సాక్ష్యంలా కనిపిస్తుంది. డిలీట్ చేసిన ఫోటోను మాత్రం ఆయన వెనక్కి తీసుకున్నట్టే లెక్కించి, దాచుకోకండి. ఆ సంఘటనను రిపోర్టులో రాయాలన్నా ఆయన్ని అడగాలి.

రిపోర్టులో పేరు మారిస్తే సరిపోదు. ఊరు, చెరువు విస్తీర్ణం, జబ్బు తగిలిన వారం కలిపి రాస్తే ఇందుకూరుపేటలో ఎవరైనా ఆ రైతును గుర్తుపడతారు. మాటలను కూడా యథాతథంగా కాకుండా సారాంశంగా రాయండి.