స్టాండర్డ్, ట్రాన్స్‌మిషన్ బేస్డ్ ప్రికాషన్స్: టేబుల్ ఎలా వేయాలి, పీపీఈ తీసే వరుస ఏది?

ప్రశ్న: "నర్సింగ్ ఫస్ట్ ఇయర్. స్టాండర్డ్ ప్రికాషన్స్‌కీ ట్రాన్స్‌మిషన్ బేస్డ్ వాటికీ తేడా టేబుల్‌గా రాసి, పీపీఈ వేసుకునే వరుస, తీసే వరుస కూడా అందులోనే పెట్టమన్నారు. రెండు కాలమ్స్ వేశాను కానీ ఏదో తేడాగా ఉంది. తీయడం అంటే వేసుకున్నదానికి రివర్సే కదా?"

తేడా ఆ రెండు కాలమ్స్‌లోనే ఉంది. నేనూ చదువుకునే రోజుల్లో సరిగ్గా అలాగే వేశాను, ఎడమ పక్క స్టాండర్డ్, కుడి పక్క ట్రాన్స్‌మిషన్ బేస్డ్. అలా వేస్తే అది లేకపోతే ఇది అన్నట్టు కనిపిస్తుంది. నా టేబుల్‌లో ఎయిర్‌బోర్న్ ఎదురుగా "ఎన్95, నెగటివ్ ప్రెజర్ గది" అని మాత్రమే రాసుకున్నాను. వార్డులో టీబీ పేషెంట్‌కి రక్తం తీయమంటే ఎన్95 బాగా బిగించుకుని, గ్లౌజులు లేకుండా వెళ్లబోయాను. తలుపు దగ్గర సీనియర్ సిస్టర్ ఆపి "రక్తం తీస్తున్నావు, గ్లౌజులేవమ్మా?" అంటే, ఎయిర్‌బోర్న్‌కి గ్లౌజులు అక్కర్లేదు కదా మేడమ్ అన్నాను. తప్పు నా టేబుల్‌దే.

స్టాండర్డ్ అనేది నేల లాంటిది. జబ్బు ఏదో తెలిసినా తెలియకపోయినా అందరు పేషెంట్లకీ అదే. చేతులు శుభ్రం చేసుకోవడం, రక్తం గానీ శరీర ద్రవాలు గానీ తగిలే పని అయితే గ్లౌజులు, బట్టల మీద పడేలా ఉంటే గౌను, ముఖం మీద చిందేలా ఉంటే మాస్కూ రక్షణ కళ్లద్దాలూ, సూదికి మళ్లీ క్యాప్ పెట్టకుండా షార్ప్స్ డబ్బాలో వేయడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. ఇక్కడ ఏం వేసుకోవాలో చెప్పేది మీరు చేయబోయే పని. ట్రాన్స్‌మిషన్ బేస్డ్‌లో దాన్ని చెప్పేది రోగం పాకే దారి, అదీ స్టాండర్డ్ పైన అదనంగా. అందుకే టేబుల్‌ని నిలువుగా రెండుగా చీల్చకుండా వరుసలుగా వేయండి, కింది మూడు వరుసల్లో ప్రతిదానికీ ముందు "స్టాండర్డ్ +" అని రాయండి.

| రకం | ఎప్పుడు | వేసుకునేవి | గది |
|---|---|---|---|
| స్టాండర్డ్ | అందరికీ, ఎప్పుడూ | చేసే పనిని బట్టి | మామూలుగా |
| స్టాండర్డ్ + కాంటాక్ట్ | ఎంఆర్‌ఎస్‌ఏ, సి. డిఫిసిల్, గజ్జి | గదిలోకి వెళ్లేముందే గౌను, గ్లౌజులు | వీలైతే విడి గది |
| స్టాండర్డ్ + డ్రాప్లెట్ | ఫ్లూ, కోరింత దగ్గు, గవదబిళ్లలు | సర్జికల్ మాస్క్ | వీలైతే విడి గది, తలుపు తెరిచి ఉన్నా ఫర్వాలేదు |
| స్టాండర్డ్ + ఎయిర్‌బోర్న్ | ఊపిరితిత్తుల టీబీ, తట్టు, ఆటలమ్మ | ఎన్95 | నెగటివ్ ప్రెజర్, తలుపు మూసే ఉండాలి |

దీని కింద రెండు ముక్కలు రాసుకుంటే చాలు. సి. డిఫిసిల్ స్పోర్లను ఆల్కహాల్ రబ్ చంపదు కాబట్టి అక్కడ చేతులు సబ్బు, నీళ్లతోనే కడగాలి. రెండోది, కొన్ని జబ్బులు రెండు వరుసల్లోకి వస్తాయి: ఆటలమ్మ గాలి ద్వారానూ పాకుతుంది, పొక్కుల్లోని నీరు తగిలినా పాకుతుంది, కాబట్టి ఎయిర్‌బోర్న్, కాంటాక్ట్ రెండూ పాటించాలి, పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా.

ఇక పీపీఈ వేసుకునే వరుస. ఆటలమ్మ పేషెంట్ గదికే వెళ్తున్నారనుకోండి, ఆ ఒక్క కేసులోనే దాదాపు అన్నీ వస్తాయి. బయట ముందు చేతులు శుభ్రం చేసుకోండి. తర్వాత గౌను, మెడ దగ్గరా నడుము దగ్గరా కట్టుకోవాలి. తర్వాత ఎన్95, పై పట్టీ తల వెనక పైభాగాన, కింది పట్టీ చెవుల కింద మెడ వెనక్కి వస్తాయి, ముక్కు దగ్గరి క్లిప్పుని రెండు చేతుల వేళ్లతో నొక్కి ఊపిరి వదిలి చూడండి, అంచుల నుంచి గాలి వస్తుంటే సరిచేయకుండా లోపలికి వెళ్లొద్దు. చిందే పని ఉంటే కళ్లద్దాలు. గ్లౌజులు ఆఖరున, అవి గౌను కఫ్‌ని కప్పాలి, మణికట్టు దగ్గర చర్మం కనిపించకూడదు.

తీయడం రివర్సేనా అన్నారు. రివర్స్ చేస్తే గ్లౌజులు, కళ్లద్దాలు, ఎన్95, గౌను అవుతుంది. అసలు వరుస గ్లౌజులు, కళ్లద్దాలు, గౌను, ఆఖరున ఎన్95. మొదటి రెండూ కలిశాయి, చివరి రెండే తారుమారు, పరీక్షలో అందరూ తప్పేది అక్కడే. గ్లౌజులు అన్నిటికంటే మురికివి కాబట్టి ముందు పోవాలి, లేదంటే అవే వేళ్లతో ముఖం దగ్గరికి వెళ్తారు. గౌను లాగేటప్పుడు దాని మీదున్నది మెడ, గడ్డం పక్కనుంచే వస్తుంది, ఆ సమయంలో ముక్కూ నోరూ తెరిచి ఉండకూడదు, అందుకే మాస్క్ దాని తర్వాత.

నా రెండో తప్పు ఇక్కడే. "చివర ఎన్95" అని రాశాను గానీ ఎక్కడ తీయాలో రాయలేదు. గౌను తీసేశాక అదే గదిలో, పేషెంట్ దగ్గుతుండగానే ఎన్95 కూడా తీసేశాను. మిగతావన్నీ గదిలోపల తలుపు దగ్గర తీసి అక్కడి డబ్బాలో వేయాలి, ఎన్95 మాత్రం బయటకి వచ్చి తలుపు మూశాకే. అప్పటినుంచి తీసే వరుస పక్కన "ఎక్కడ" అని ఇంకో గడి పెట్టమని జూనియర్లకి చెబుతున్నాను, మీరూ పెట్టండి.

ఎలా తీయాలో కూడా ఒక్కో మాటలో రాయండి. గ్లౌజులకి: ఒక చేత్తో రెండోదాని బయటివైపు పట్టి ఒలిచి, దాన్ని గ్లౌజున్న చేతిలోనే ముద్దగా పట్టుకుని, ఖాళీ చేతి వేళ్లని రెండో గ్లౌజు లోపలికి మణికట్టు దగ్గర జొనిపి ఒలవాలి. కళ్లద్దాలని వెనక నుంచి ఎత్తాలి. గౌనుకి ముడులు విప్పి, లోపలి వైపే తాకుతూ మురికి వైపు లోపలికి పోయేలా చుట్టాలి. ఎన్95కి ముందు కింది పట్టీ, తర్వాత పైది, ముందు భాగాన్ని ముట్టుకోవద్దు. మధ్యలో చేతికి ఏదైనా అంటిందనిపిస్తే అక్కడికక్కడే చేతులు శుభ్రం చేసుకుని ముందుకెళ్లాలి, ఆఖరున ఎలాగూ తప్పదు.

మా ప్రాక్టికల్‌లో ఒకసారి గ్లౌజుల మీదా గౌను మీదా అతినీల లైటుకి మెరిసే పొడి రాసి తీయమన్నారు. అందరం బాగానే తీశామనుకున్నాం. గది చీకటి చేసి లైటు వేస్తే నా కుడి మణికట్టు చుట్టూ ఉంగరంలా మెరిసింది, గ్లౌజు అంచు కింద వేలు పెట్టబోయి బయటివైపు తాకానన్నమాట. పక్కమ్మాయికి మెడ వెనక మెరిసింది, గ్లౌజులతోనే మెడ ముడి విప్పింది.

కొన్ని పుస్తకాల్లో గ్లౌజులూ గౌనూ కలిపి ఒకేసారి తీసి, చేతులు శుభ్రం చేసుకుని, తర్వాత కళ్లద్దాలు అని ఉంటుంది. అదీ సరైనదే. రెండు పద్ధతుల్లోనూ మాస్కే ఆఖరిది. మీ కాలేజీలో ఏది నేర్పారో అదే టేబుల్‌లో పెట్టండి, రెండూ కలిపి రాస్తే వైవాలో మీకే టెన్షన్.